మంగళ, గురువారాలు రాలేను: ఆఫీసు రూల్ నుంచి మినహాయింపు అడిగే పద్ధతి

మా పిన్ని కూతురు విశాఖపట్నం రుషికొండలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. ఉండేది గాజువాకలో. వాళ్ల కంపెనీ హైబ్రిడ్ పాలసీ ప్రకారం మంగళ, బుధ, గురువారాలు ఆఫీసుకు రావాలి, సోమ, శుక్రవారాలు ఇంటి నుంచి పని. మా పిన్నికి డయాలసిస్ మొదలైంది. స్లాట్ మంగళ, గురు, శనివారాలు, పొద్దున్న ఏడింటికి. ఇల్లంతా టెన్షన్‌లో ఉన్న ఆ వారంలోనే ఈ పిల్ల మేనేజర్‌కు ఒక మెయిల్ కొట్టింది: "అమ్మకు ఒంట్లో బాగాలేదు. దయచేసి నాకు పూర్తిగా వర్క్ ఫ్రమ్ హోమ్ ఇప్పించండి. పక్క టీమ్‌లో చాలామందికి ఇస్తున్నారు."

మర్నాడే ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. పాలసీ ఒప్పుకోదని.

"అన్నయ్యా, మనుషులు కాదా వీళ్లు?" అని ఫోన్ చేసింది. నేను పదేళ్లకు పైగా హెచ్‌ఆర్ వైపు పనిచేసినవాణ్ని. ఇలాంటి మెయిళ్లకు అలాంటి జవాబులు నేనూ ఇచ్చాను. ఆ మెయిల్‌లో జాలి పడటానికి కారణం ఉంది కానీ సంతకం పెట్టడానికి వీలైనది ఏమీ లేదు. ఎన్నాళ్లు, ఏ రోజులు, ఏ క్లాజ్ నుంచి అన్నది ఎక్కడా లేదు. పైగా పక్క టీమ్ మీద ఫిర్యాదులా ఉంది. తర్వాత ఇద్దరం కూర్చుని రెండో మెయిల్ రాశాం, అది పాసయింది. ఎలా అడగాలని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఆ వరుసనే ఇక్కడ పెడుతున్నాను.

## 1. ముందు రూల్ చదవండి, అది ఎవరి రూలో చూడండి

పాలసీ పీడీఎఫ్ మొత్తం తెరిచి చదవండి. సహోద్యోగులు చెప్పేది పాలసీ కాదు. మూడు చోట్ల గీత గీయండి: మిమ్మల్ని అడ్డుకుంటున్న వాక్యం, మినహాయింపుల గురించి చెప్పే వాక్యం, ఆమోదించే అధికారం ఎవరిదో చెప్పే వాక్యం.

మా చెల్లి పాలసీలో క్లాజ్ 4.2 ఆఫీసు రోజుల్ని చెబుతుంది. చివర్లో క్లాజ్ 9 ఉంది, అక్కడిదాకా ఎవరూ చదవరు. "వ్యక్తిగత అత్యవసర పరిస్థితుల్లో, మేనేజర్ సిఫారసుతో, హెచ్‌ఆర్ హెడ్ 90 రోజులు మించకుండా మినహాయింపు ఇవ్వవచ్చు" అని. అంటే మొదటి మెయిల్‌ను అధికారం లేని మనిషికి పంపింది. మేనేజర్ సిఫారసు మాత్రమే చేయగలడు, మంజూరు చేయలేడు. పైగా ఆమె గడువే చెప్పకుండా అడిగింది. ఆ క్లాజ్ కింద గడువు లేని మినహాయింపు ఇవ్వాలన్నా ఇవ్వలేరు.

తర్వాత ఆ రూల్ ఎక్కడ పుట్టిందో చూడండి. కంపెనీ తన ఇష్టంతో పెట్టుకున్నదైతే కంపెనీ సడలించగలదు. క్లయింట్‌తో ఒప్పందంలో ఉన్నదైతే, ఉదాహరణకు ఫలానా డేటాను ఆఫీసు నెట్‌వర్క్‌లోనే తెరవాలని ఉంటే, హెచ్‌ఆర్ హెడ్ సంతకం సరిపోదు. ఆఫీసు సెజ్‌లో ఉంటే ఇంటి నుంచి పనికి సెజ్ రూల్స్‌లో 43ఎ అని 2022 జులైలో చేర్చిన నిబంధన ఉంది, కాబట్టి అక్కడ కంపెనీ చేతులు కొంత కట్టేసి ఉంటాయి. ఈ సంగతి తెలియకుండా మేనేజర్‌తో వాదనకు దిగితే రెండు వారాలు వృథా.

ఇంకో మాట. ప్రసూతి సెలవు తర్వాత ఇంటి నుంచి పని గురించి ప్రసూతి ప్రయోజన చట్టంలోనే, 2017 సవరణతో, సెక్షన్ 5(5) వచ్చింది, 2025 నవంబర్‌లో ఆ చట్టం స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. పని స్వభావం ఒప్పుకుంటే, ఇద్దరూ అంగీకరించిన షరతులపై ఇవ్వవచ్చని అది చెబుతుంది. మీకే వైకల్యం ఉంటే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. ఆ దారులు వేరు, అక్కడ అడగాల్సిన తీరు వేరు. ఇక్కడ చెప్పేది తల్లిదండ్రుల వైద్యం లాంటి కారణాలకు, అంటే చట్టం మీ తరఫున మాట్లాడని చోట కంపెనీ విచక్షణ మీద ఆధారపడేవాటికి.

## 2. అడిగేదాన్ని కుదించండి

అసలు పనంతా ఇక్కడే ఉంది. "పూర్తిగా ఇంటి నుంచి" అని అడగడం సులువు. కానీ నిజంగా ఇబ్బంది ఎక్కడుందో కాగితం మీద వేసుకోండి.

మేము వేసుకున్నాం. డయాలసిస్ ఒక్కో విడతకు దాదాపు నాలుగు గంటలు. ఏడింటికి ఎక్కిస్తే పదకొండుకు అవుతుంది. సూదులు తీశాక రక్తం ఆగేదాకా అదిమి పట్టి కూర్చోబెడతారు, బీపీ చూస్తారు. ఒక్కోసారి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి కాబట్టి ఒంటరిగా ఆటో ఎక్కించి పంపలేం. ఇల్లు చేరేసరికి పన్నెండు. అక్కడి నుంచి ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక దాటుకుని రుషికొండకు గంట పైనే. ఆఫీసు మొదలయ్యేది పదింటికి.

అంటే సమస్య వారానికి రెండు రోజులది, అదీ పూర్వాహ్నానిది. బుధవారంతో గొడవ లేదు. సోమ, శుక్రవారాల్లో ఆమె ఖాళీగానే ఉంది, ఆ రోజుల్లో ఆఫీసుకు వెళ్లగలదు.

కాబట్టి అభ్యర్థన ఇలా మారింది: మంగళ, గురువారాల బదులు సోమ, శుక్రవారాలు వస్తాను. బుధవారం యథాతథం. వారానికి మూడు రోజులు మూడు రోజులుగానే ఉంటాయి. 90 రోజుల లోపు కావాలి కాబట్టి 12 వారాలు అడిగాం, అంటే 84 రోజులు. మారేవి 24 రోజులు. ఆఫీసుకు రావాల్సిన రోజులు 36, వచ్చేవీ 36.

మొదట 13 వారాలని రాసింది. 13 వారాలంటే 91 రోజులు. ఒక్క రోజు తేడాతో క్లాజ్ 9 దాటిపోతుంది, హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ దాన్ని తీసుకోదు. ఇలాంటి చిన్న లెక్కల దగ్గరే ఫైళ్లు వెనక్కి వస్తాయి.

## 3. కారణాన్ని కాగితంతో నిలబెట్టండి

బాధను వర్ణించకండి. చదివేవాళ్లు రాతిగుండె వాళ్లని కాదు, ఆ వర్ణన వాళ్లు ఫైల్లో పెట్టుకోలేరు. వాళ్లకు కావాల్సింది మూడు ప్రశ్నలకు జవాబు: ఈ రోజులే ఎందుకు? మీరే ఎందుకు? ఎన్నాళ్లు?

"ఈ రోజులే ఎందుకు" అన్నదానికి డయాలసిస్ సెంటర్ లెటర్‌హెడ్ మీద స్లాట్ రోజులు, సమయం, తోడు మనిషి అవసరమన్న మాట, వేరే స్లాట్ ప్రస్తుతం ఖాళీ లేదన్న మాట రాయించాం. ఈ చివరిది చాలా ముఖ్యం. "స్లాట్ మార్చుకోవచ్చుగా" అన్నదే మేనేజ్‌మెంట్ నోట వచ్చే మొదటి ప్రశ్న.

"మీరే ఎందుకు" అన్నదానికి రెండు వాక్యాలు చాలు. బాబాయి లేరు, తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకు రెండు శనివారాలు వచ్చి చూసుకుంటున్నాడు. అద్దెకు మనిషిని పెట్టి చూశారు, బీపీ పడిపోయిన రోజున ఆయన కంగారుపడి ఈమెకే ఫోన్ చేశాడు. ప్రయత్నించి విఫలమైన దారుల్ని చెబితే, అడగడం మీ చివరి మెట్టు అని తెలుస్తుంది.

వైద్య కాగితాల్లో మాత్రం అవసరమైనంతే ఇవ్వండి. మా చెల్లి మొత్తం రిపోర్టులు, క్రియాటినిన్ అంకెలతో సహా, అటాచ్ చేయబోయింది. ఆపేశాను. సెంటర్ లెటర్ ఒక్కటి చాలు. మీ అమ్మగారి రిపోర్టులు నలుగురి ఇన్‌బాక్సుల్లో తిరగాల్సిన పని లేదు.

## 4. పాత ఉదాహరణను వెతకండి, కానీ తూకం వేసి వాడండి

పాత ఉదాహరణ చూపిస్తే సగం పని అవుతుందని అందరికీ తెలుసు. ఏది ఉదాహరణ అవుతుందో మాత్రం తెలియదు. మా చెల్లి నాలుగు పట్టుకొచ్చింది.

మొదటిది, పక్క టీమ్‌లో ఒకాయన వారానికి ఒక్కరోజే వస్తాడు, ఆయన మేనేజర్ చూసీచూడనట్టు ఉంటాడు. ఇది ఉదాహరణ కాదు. ఎవరూ మంజూరు చేయలేదు, కాగితం లేదు. దీన్ని మెయిల్‌లో రాస్తే మీ పని కాదు సరికదా, ఆయనకూ ఆయన మేనేజర్‌కూ నోటీసు వెళ్తుంది. మొదటి మెయిల్ చేసిన పాపం అదే.

రెండోది, లాక్‌డౌన్‌లో అందరూ ఇంటి నుంచే చేశాం కదా అని. మన ఊళ్లో పాతవాళ్లయితే 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి కరెంటు, ఫోన్లు పోయినప్పటి సంగతి కూడా తీస్తారు. ఇవి అందరికీ ఒకేసారి ఇచ్చిన సడలింపులు. పని ఇంటి నుంచి సాధ్యమేనని చూపించడానికి పనికొస్తాయి. ఒక్కరికి మినహాయింపు ఇచ్చే అలవాటు కంపెనీకి ఉందని నిరూపించవు.

మూడోది, ఒకమ్మాయికి గర్భంతో ఉన్నప్పుడు డాక్టర్ బెడ్ రెస్ట్ చెప్తే మూడు నెలలు పూర్తిగా ఇంటి నుంచి ఇచ్చారు. అధికారికంగా ఇచ్చిందే. కానీ అది ఉద్యోగి సొంత ఆరోగ్యం, ఆఫీసు రోజులు సున్నా. మన సంగతి వేరు.

నాలుగోది అసలైనది. తన టీమ్‌లోనే కిందటేడు ఒకాయన కొడుకు ఫిజియోథెరపీ కోసం పది వారాలు ఆఫీసు రోజులు మార్చుకున్నాడు. అదే క్లాజ్ 9, అదే హెచ్‌ఆర్ హెడ్, వారానికి మూడు రోజులు తగ్గలేదు.

ఇలా నాలుగు విషయాలు కలుస్తున్నాయో లేదో చూడండి:

- అదే క్లాజ్ కింద ఇచ్చారా?
- అదే స్థాయి అధికారి రాతపూర్వకంగా ఇచ్చారా?
- కారణం అదే కోవకు చెందినదా?
- గడువు, పరిమాణం దగ్గరగా ఉన్నాయా?

మూడైనా కలవకపోతే వాడకండి. బలహీనమైనవి ఐదు పెడితే, అవతలివాళ్లు అందులో అతి బలహీనమైనదాన్నే పట్టుకుని జవాబిస్తారు. నేనూ అలాగే చేసేవాణ్ని.

తేడాను కూడా మీరే చెప్పండి. ఆయనది పది వారాలు, మనది పన్నెండు. ఆయనకు థెరపీ ముగింపు తేదీ ఉంది, డయాలసిస్‌కు లేదు. దీన్ని దాచితే రేపు వాళ్లే పట్టుకుంటారు. అందుకే ఆరో వారంలో సమీక్షను మేమే అడిగాం.

పేరు రాసే ముందు ఆ మనిషిని అడగాలి. ఆయన సరేనన్నాడు, అయినా మెయిల్‌లో పేరు పెట్టలేదు. "మా టీమ్‌లో గత ఏడాది క్లాజ్ 9 కింద మంజూరైన పది వారాల రోజుల మార్పు" అంటే హెచ్‌ఆర్ వాళ్లు తమ రికార్డులో తీసుకుంటారు. ఎవరికిచ్చారో మీకసలు తెలియకపోతే హెచ్‌ఆర్‌నే అడగొచ్చు: "పేర్లు వద్దు, ఈ క్లాజ్ కింద రోజుల మార్పు ఇంతకుముందు ఇచ్చారా?" ఇది తప్పు పట్టలేని ప్రశ్న.

## 5. కంపెనీకి అయ్యే నష్టాన్ని మీరే రాయండి

ఏ నష్టమూ లేదని రాస్తే ఎవరూ నమ్మరు. మంగళవారం పదింటికి టీమ్ మీటింగ్ ఉంది, అది ఆమెకు పోతుంది. నిజం. దానికి పరిష్కారం: సోమవారం సాయంత్రమే తన పని స్థితి రాసి పంపుతుంది, మీటింగ్‌లో తన తరఫున మాట్లాడటానికి ఒక సహోద్యోగి ఒప్పుకున్నారు. గురువారం నాలుగింటి రివ్యూకు వీడియోలో ఉంటుంది. ఆ రెండు రోజులూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి పది వరకు పని. క్లయింట్ అమెరికాలో కాబట్టి అది వాళ్లకు అనుకూలమే.

అసలు భయం ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పైకి అనరు: "ఈమెకిస్తే రేపు అందరూ అడుగుతారు." దీనికి జవాబు కూడా మీ మెయిల్‌లోనే ఉండాలి. ఆసుపత్రి రాసిచ్చిన స్థిర సమయాలు, ఆఫీసు రోజులు తగ్గకపోవడం, గడువు, సమీక్ష, ఈ నాలుగు షరతులూ ఉన్నవాళ్లకే వర్తించేలా మంజూరు చేయండి అని మీరే హద్దు గీయండి. అప్పుడు హెచ్‌ఆర్ హెడ్‌కు తర్వాతి మనిషికి చెప్పడానికి ఒక మాట దొరుకుతుంది.

## 6. మెయిల్ పంపే ముందు మాట్లాడండి

మేనేజర్‌కు మెయిల్ చూసి తెలియకూడదు. పది నిమిషాలు అడిగి, విషయం చెప్పి, "మీరు సిఫారసు చేయడానికి ఇందులో ఏం అడ్డం?" అని అడగండి. మా చెల్లి మేనేజర్ అడ్డమల్లా మంగళవారం మీటింగే. ఆ సంగతి ఆయన చెబితేనే తెలిసింది, ఐదో మెట్టులో రాసింది అందుకే.

క్వార్టర్ ఎండ్ వారంలో, రిలీజ్ ముందురోజు అడగకండి. సీసీలో పెద్దవాళ్లందరినీ పెట్టకండి, అది బెదిరింపులా కనిపిస్తుంది.

## 7. మెయిల్ ఇలా ఉంటుంది

అసలు మెయిల్ ఇంగ్లిష్‌లోనే వెళ్లింది. సారాంశం తెలుగులో ఇస్తున్నాను.

> విషయం: క్లాజ్ 9 కింద ఆఫీసు రోజుల మార్పు, 12 వారాలకు అభ్యర్థన
>
> మేడమ్,
>
> కోరేది: క్లాజ్ 4.2 ప్రకారం నా ఆఫీసు రోజులు మంగళ, బుధ, గురు. వచ్చే సోమవారం నుంచి 12 వారాల పాటు వీటిని సోమ, బుధ, శుక్రవారాలుగా మార్చమని కోరుతున్నాను. వారానికి మూడు రోజులు తగ్గవు.
>
> కారణం: మా అమ్మగారికి మంగళ, గురు, శనివారాలు ఉదయం 7 నుంచి 11 వరకు డయాలసిస్. తోడు తప్పనిసరి. వేరే స్లాట్ ప్రస్తుతం లేదని సెంటర్ ఇచ్చిన లెటర్ జతచేశాను. వెయిటింగ్ లిస్టులో పేరు ఇచ్చాం. స్థానికంగా కుటుంబంలో ఆ వేళకు తోడు వెళ్లగలిగేది నేనొక్కదాన్నే. సహాయకుణ్ని పెట్టి చూశాం, కుదరలేదు.
>
> పాత ఉదాహరణ: గత ఏడాది మా టీమ్‌లో ఇదే క్లాజ్ కింద కుటుంబ సభ్యుడి చికిత్స కోసం పది వారాల రోజుల మార్పు మంజూరైంది. తేడా ఏమిటంటే, ఇక్కడ చికిత్సకు ముగింపు తేదీ లేదు. అందుకే ఆరో వారంలో సమీక్ష కోరుతున్నాను.
>
> పని ఏర్పాటు: మంగళ, గురువారాలు మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10 వరకు ఇంటి నుంచి. మంగళవారం మీటింగ్‌కు ముందురోజు సాయంత్రమే స్టేటస్ పంపుతాను, నా తరఫున సహోద్యోగి మాట్లాడతారు.
>
> షరతులు: స్లాట్ మారిన రోజునే తెలియజేస్తాను. ఆసుపత్రి రాసిచ్చిన స్థిర సమయాలు ఉండి, ఆఫీసు రోజులు తగ్గని సందర్భాలకే ఈ మంజూరును పరిమితం చేయవచ్చు.
>
> శుక్రవారం లోపు తెలియజేస్తే అటెండెన్స్‌లో మార్పు చేయించుకుంటాను.

ఇందులో "దయతలచి", "పెద్ద మనసు చేసుకుని" లాంటివి లేవు. గౌరవం తగ్గలేదు, బతిమాలుడూ లేదు. రాజీనామా ప్రస్తావన కూడా లేదు. ఒకసారి ఆ మాట రాస్తే తర్వాత అడిగే ప్రతిదీ దాని వెలుగులోనే చదువుతారు.

పంపే ముందు సరిచూసుకోండి:

- మొదటి మూడు వాక్యాల్లో క్లాజ్, రోజులు, గడువు వచ్చాయా?
- మంజూరు చేసే అధికారికే వెళ్తోందా, మేనేజర్ సిఫారసు ఉందా?
- తేదీల లెక్క గరిష్ఠ గడువు లోపలే ఉందా?
- జతచేసిన కాగితంలో అవసరానికి మించిన వివరాలున్నాయా?
- సహోద్యోగి పేరు ఎక్కడైనా దొర్లిందా?

## 8. జవాబు వచ్చేదాకా, వచ్చాక

మంజూరు రాకముందే రోజులు మార్చేయకండి. కార్డ్ పంచ్ లేని రోజులు సాఫ్ట్‌వేర్‌లో గైర్హాజరుగా పడతాయి, అవే రేపు మీ మీద రికార్డు అవుతాయి. మా చెల్లి ఆ వారం మంగళ, గురువారాలు సెలవు పెట్టింది.

మూడు పనిదినాలు మౌనం అయితే అదే మెయిల్ మీద ఒక్క వాక్యం: "సోమవారం నుంచి అమలు కావాలి కాబట్టి ఇంకే వివరం కావాలో తెలియజేయగలరా?" ఫోన్లో "సరేలే, చూసుకో" అంటే దాన్ని నమ్ముకోకండి. ఆ సాయంత్రమే "ఈరోజు మీరు చెప్పిన ప్రకారం" అంటూ మెయిల్ పెట్టండి. మేనేజర్లు మారిపోతారు.

కాదంటే ఎందుకు కాదన్నారో చూడండి. "పాలసీలో లేదు" అంటే క్లాజ్ 9 నంబర్‌తో మర్యాదగా గుర్తుచేయాలి. "క్లయింట్ ఒప్పుకోడు" అంటే ఒప్పందంలో ఏ పని అలా ఉందో అడిగి, ఆ రెండు పూటలకు వేరే పని ఇవ్వగలరేమో చూడాలి. "గడువు ఎక్కువ" అంటే తగ్గించుకోండి, వాదించకండి.

మాకు వచ్చింది ఆ చివరిదే. పన్నెండు కాదు, ఎనిమిది వారాలు, ఆరో వారంలో సమీక్ష, అవసరమైతే పొడిగింపు. చెల్లి మళ్లీ కోప్పడింది. నేనైతే ఎగిరి గంతేశాను. ఒకసారి ఫైల్ తెరుచుకుంటే పొడిగింపు అడగడం కొత్తగా అడగడమంత కష్టం కాదు.

మంజూరు మెయిల్ వచ్చాక మూడు పనులు: పీడీఎఫ్‌గా దాచుకోండి, అటెండెన్స్ సాఫ్ట్‌వేర్‌లో మీ రోజులు మారాయో లేదో మొదటి వారంలోనే చూడండి, సమీక్ష తేదీని క్యాలెండర్‌లో పెట్టుకోండి. రెండోది మర్చిపోతే జీతంలో కోత పడ్డాక తెలుస్తుంది. మా చెల్లికి మొదటి గురువారం ఆబ్సెంట్ అనే పడింది. మంజూరు మెయిల్ జతచేసి పంపితే ఆ పూటే సరిచేశారు.

## 9. అవసరం తీరితే మీరే ముగించండి

సమీక్షకు సెంటర్ నుంచి తాజా లెటర్ తెచ్చింది. స్లాట్ మారలేదు, వెయిటింగ్ లిస్టులో రెండో పేరు అని. దాంతోపాటు ఆరు వారాల్లో 18 రోజులు ఆఫీసులో ఉన్నట్టు కార్డ్ పంచ్ వివరం పెట్టింది. పొడిగింపుకు అభ్యంతరం లేదన్నారు.

ఏడో వారంలో సాయంత్రం ఆరింటి స్లాట్ ఖాళీ అయింది. ఆ వేళకు మావయ్య డ్యూటీ దిగి వచ్చి ఉంటాడు, తోడు తనే వెళ్తానన్నాడు. ఇంకా వారం మిగిలి ఉంది కదా, వాడుకోనా అని చెల్లి అడిగింది. వద్దన్నాను. షరతుల్లో తనే రాసిన మాట ఉంది కదా. ఆ రోజే ఇలా పంపింది: "మా అమ్మగారి డయాలసిస్ సాయంత్రానికి మారింది. వచ్చే మంగళవారం నుంచి క్లాజ్ 4.2 ప్రకారమే వస్తాను. నా మినహాయింపును ముగించగలరు."